పెయింటింగ్ అమ్మేటప్పుడు కింద ఏం రాయాలె? మా రూములో గీసిన బతుకమ్మ బొమ్మ లెక్క

పోస్టు కొంచెం పొడుగున్నది, డ్యూటీ అయినంక తీరికగా చదవండి.

మన గల్ఫ్ గ్రూపుల్లో బొమ్మలు గీసి అమ్ముకునే తమ్ముళ్ళు ఈ మధ్య బాగ కనిపిస్తున్నరు. బొమ్మలు నిజంగానే బాగుంటున్నయి. కానీ కింద రాసేది మాత్రం అందరిదీ ఒక్క తీరే: "ఒరిజినల్ పెయింటింగ్, హ్యాండ్ మేడ్, రేటు ఇన్‌బాక్స్." దాని కింద యాభై మంది సూపర్ అంటరు, కొనేటోడు ఒక్కడు రాడు. ఎందుకు రాడో మా రూములో తమ్ముడి బొమ్మ అమ్మినప్పుడు మాకు పూర్తిగ తెలిసింది. ఆ లెక్క చెప్తం.

తమ్ముడు జగిత్యాల దిక్కు మనిషి. ఊళ్ళె ఉన్నప్పుడు షాపు బోర్డులు, గోడల మీద రాతలు రాసేటోడు. ఫ్లెక్సీలు వచ్చినంక ఆ పని పోయింది. ఇప్పుడు మా సైటులనే పెయింటర్. ఆదివారాలు రూముల కూసొని క్యాన్వాస్ మీద గీస్తడు. ఊరి చెరువు కాడ ఆడోళ్ళు బతుకమ్మ ఆడుతున్న బొమ్మ గీసిండు, ఆరు ఆదివారాలు పట్టింది. ఆ డబ్బు వాళ్ళ బిడ్డ ఇంటర్ ఫీజుకు కావాలె. అందుకని మేము రూమోళ్ళం నలుగురం కూసొని రాసే పని మీదేసుకున్నం. మాకు బొమ్మలు గీయరాదు, కానీ కొలతలు తీసుడు, మెటీరియల్ చెక్ చేసుడు ఇరవై ఏండ్ల సంది చేస్తున్నదే కదా.

ముందు కొనేటోడి భయం అర్థం చేసుకోవాలె. ఇక్కడ ఫర్నిచర్ షాపుల్లో క్యాన్వాస్ మీద మిషన్ ప్రింట్ కొట్టి, దాని మీద బ్రష్షుతోని తెల్లటి జెల్ పూసి ఆరబెట్టి పెడ్తరు. ఆరినంక జెల్ కనబడది, చేత్తోని తడిమితే మాత్రం గరుకుగ తగుల్తది. దాన్ని కూడా హ్యాండ్ మేడ్ అనే అమ్ముతరు, ఎందుకంటే జెల్ పూసింది చేతులతోనే కదా! కాబట్టి ఒరిజినల్ అనే మాటకు బజార్ల విలువ లేకుంట పోయింది. ఆ మాట పది సార్లు రాసినా లాభం లేదు. కొనేటోడు తనంతట తాను చెక్ చేసుకునే వివరం ఇయ్యాలె.

మొదటిది మీడియం, అంటే దేంతోని గీసిండు, దేని మీద గీసిండు. "ఆక్రిలిక్ పెయింటింగ్" అంటే సగమే చెప్పినట్టు. మేము రాసింది ఇది: ఆర్టిస్ట్ ఆక్రిలిక్ రంగులు, కాటన్ క్యాన్వాస్ మీద, క్యాన్వాస్‌కు జెస్సో ప్రైమర్, చెక్క ఫ్రేముకు బిగించినది, పైన వార్నిష్ ఒక కోటు. జెస్సో అంటే మన గోడకు ప్రైమర్ అసొంటిదే. అది లేకుంటే ఉత్త బట్ట రంగును పీల్చేస్తది. రెడీమేడ్ క్యాన్వాస్ చాలా మట్టుకు జెస్సో కొట్టే వస్తది, తమ్ముడు ఇంకో రెండు కోట్లు కొట్టుకున్నడు. బట్ట మందం క్యాన్వాస్ కవర్ మీదనే ఉంటది, మాది చదరపు మీటరుకు 380 గ్రాములు. కవర్ పారేయకుండ్రి, దాన్ని ఫొటో తీసి పెట్టుకోండ్రి.

క్యాన్వాస్ బోర్డు, చెక్కకు బిగించిన క్యాన్వాస్ రెండు వేరు వేరు. బోర్డు అంటే అట్ట మీద బట్ట అంటించింది, చవక. ఫొటోల ముందు నుంచి రెండూ ఒక్క తీరుగనే కనిపిస్తయి. అందుకే చెప్పకపోతే కొనేటోడు చవకదే అనుకుంటడు.

ఇక్కడ మా రూముల ఒక పంచాయితీ అయ్యింది, అది కూడా చెప్పాలె. తమ్ముడి దగ్గర ఇంకో చిన్న బొమ్మ ఉన్నది, తాటిచెట్టు ఎక్కుతున్న గౌడన్న బొమ్మ. దాంట్ల వెనుక ఆకాశమంతా సైటుల మిగిలిన గోడ ఎమల్షన్‌తోని వేసిండు. "డబ్బా మీద ఆక్రిలిక్ ఎమల్షన్ అనే ఉన్నది కదన్నా, ఆక్రిలిక్ అని రాస్తే అబద్ధమేమున్నది?" అన్నడు. మాట మట్టుకు అబద్ధం కాదు. రెండిట్ల బైండర్ ఒకే జాతిది కావచ్చు. కానీ గోడ రంగుల ఫిల్లర్ పొడి ఎక్కువ, అసలు రంగు తక్కువ. గోడ కదలదు, క్యాన్వాస్ కదుల్తది. చుట్టితే, వేలితోని వెనుక నుంచి ఒత్తితే, ఏసీ గదికీ బయటి ఎండకూ తిరిగితే బట్ట వదులైతది, బిగుసుకుంటది. అప్పుడు ఆ పొర సన్నగ చిట్లే ప్రమాదం ఎక్కువ. ఇంకొకటి, ఆర్టిస్ట్ ట్యూబు మీద ఏ పిగ్మెంట్ వాడిండ్రో కోడ్ ఉంటది, నీలానికి పీబీ 29, తెలుపుకు పీడబ్ల్యూ 6 అట్ల. వెలుతురుకు రంగు ఎంత నిలుస్తదో కూడా చాలా ట్యూబుల మీద రాసి ఉంటది. షాపుల టింటింగ్ మిషన్ల కలిపిచ్చిన గోడ రంగు డబ్బా మీద అవేవీ ఉండయి. కొనేటోడు ఆక్రిలిక్ అని చదివి పైసలిచ్చేది ఆ ట్యూబు రంగుకు, డబ్బా రంగుకు కాదు. అందుకని రెండు బొమ్మలకు రెండు వేరు మాటలు రాయాలని తీర్మానం చేసినం. తమ్ముడికి ముందు మనసుకు పట్టలే. రెండు రోజులు మాట్లాడలే. తర్వాత ఆయనే ట్యూబులు వరుసగ పెట్టి ఫొటో తీసిండు.

ఇగ సైజు. ఇది మన లైన్ అనుకుంటం, కానీ ఇక్కడనే తిరకాసు ఉన్నది. మన డ్రాయింగుల్లో డోరు 900 బై 2100 అంటే వెడల్పు ముందు, ఎత్తు తర్వాత. పెయింటింగులకు ఉల్టా. గ్యాలరీలోళ్ళు, మ్యూజియమోళ్ళు ఎత్తు ముందు రాస్తరు. మా బొమ్మ అడ్డంగ ఉన్నది, ఎత్తు 60, వెడల్పు 90 సెంటీమీటర్లు. "90 బై 60" అని రాస్తే బొమ్మలు తెలిసినోడు అది నిలువు బొమ్మ అనుకుంటడు. ఎవ్వరికీ తికమక కాకుంట "ఎత్తు 60, వెడల్పు 90" అని మాటల్లనే రాసినం. దాని పక్కన మందం 3.8 సెంటీమీటర్లు. మందం ఎందుకంటే పలుచటి ఫ్రేము అయితే 1.8 దాకనే ఉంటది, గోడ మీద కనిపించే తీరు వేరు, ధర వేరు.

ఇంచుల్ల రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. 60 బై 90 ని అందరూ అలవాటుగ 24 బై 36 ఇంచులు అనేస్తరు. అది తప్పు. 24 ఇంచులు అంటే దగ్గర దగ్గర 61 సెంటీమీటర్లు, 36 ఇంచులు అంటే 91.4. కొనేటోడు మీ మాట నమ్మి రెడీమేడ్ 24 బై 36 ఫ్రేము కొనుక్కొస్తే ఒక దిక్కు ఒక సెంటీమీటరు, ఇంకో దిక్కు దాదాపు ఒకటిన్నర ఖాళీ ఉంటది. బొమ్మ ఫ్రేముల ఊగుతది. తిట్లు మాత్రం బొమ్మ అమ్మినోడికే.

కవర్ మీద రాసిన సైజు ఎక్కియ్యకుండ్రి, టేపు పెట్టి చూడండ్రి. మేము ఎత్తు మూడు చోట్ల కొలిచినం, ఎడమ చివర, నడుమ, కుడి చివర. తర్వాత ఫుటింగ్ మార్కింగుల చూసినట్టే రెండు మూలలు క్రాస్ చేసి చూసినం. 60 బై 90 కి క్రాస్ 108.2 దాకా రావాలె. ఒకటి 108.1, ఒకటి 108.3 వచ్చినయి, రెండు మిల్లీల తేడా, పర్వాలేదు. ఆ తేడా ఐదారు మిల్లీలు దాటితే చెక్క గుంజిందని అర్థం, ఫ్రేములో మూలలు సరిగ కూసోవు. గీసేవాళ్ళు చాలా మంది ఇది చూడరు. క్యాన్వాస్ కొనేటప్పుడే, రంగు ముట్టకముందే చూసుకుంటే ఇంకా మంచిది.

ఫ్రేము దగ్గరికి వస్తే, ఫ్రేముతోని సైజు వేరే రాయాలె. కొనేటోడు సోఫా పైన గోడ కొలుచుకునేది దాంతోనే. మేము ఫ్లోటర్ ఫ్రేము కట్టించినం. అంటే ఫ్రేము బొమ్మ అంచు మీదికి రాదు, చుట్టూ సన్నటి ఖాళీ గీత ఉంటది, అంచులు కూడా కనిపిస్తయి. ఫ్రేము ముఖం ఒక సెంటీమీటరు, ఖాళీ ఆరు మిల్లీలు. లెక్క కట్టండి, ఒక్కో దిక్కు 1.6, రెండు దిక్కులా కలిపి 3.2. కాబట్టి బయట సైజు 63.2 బై 93.2. మామూలు ఫ్రేము అయితే లోపలి గాడి చుట్టూ ఐదారు మిల్లీలు బొమ్మను కప్పుతది. సంతకం మరీ అంచుకు పెట్టిన బొమ్మల్లో సగం సంతకం ఫ్రేము కిందికి పోతది, కొనేటోడికి అనుమానం మొదలైతది. తమ్ముడు సంతకం అంచు నుంచి మూడు సెంటీమీటర్లు లోపల పెట్టిండు, బోర్డులు రాసిన చెయ్యి కదా, ఆ లెక్క ఆయనకు తెలుసు.

ఫ్రేము దేంతోని చేసిందో కూడా సాఫ్‌గ రాయాలె. ఇక్కడ దొరికే చవక ఫ్రేములు ఎక్కువ ప్లాస్టిక్ మోల్డింగ్, లేకపోతే ఎండీఎఫ్ మీద చెక్క గీతల కాగితం అంటించినవి. మాది పైన్ చెక్క, నల్ల రంగు. టేకు అని రాస్తే ఇంకో వంద దిర్హాములు వస్తయేమో, కానీ వెనుక తిప్పి చూస్తే ఎవరికైనా తెల్లారిపోతది. అద్దం లేదని కూడా రాసినం, ఎందుకు లేదో కూడా. కాగితం మీద గీసిన వాటర్ కలర్‌కు అద్దం కావాలె, మధ్యల మౌంటు అట్ట కూడా కావాలె, లేకుంటే తేమకు కాగితం అద్దానికి అంటుకుంటది. వార్నిష్ కొట్టిన ఆక్రిలిక్ క్యాన్వాస్‌కు అద్దం అక్కరలేదు. ఇది రాయకపోతే అద్దం ఎందుకు పెట్టలేదు, పైసలు మిగిలించుకున్నరా అని అడుగుతరు.

బరువు కూడా రాసినం, ఫ్రేముతోని 3 కిలోల 400 గ్రాములు. మన దగ్గర ఇంటికి పోయేటప్పుడు లగేజీ తూచే చేతి కాంటా ప్రతి రూముల ఉంటది, దానికే తగిలించి తూచినం. బరువు ఎందుకంటే ఇక్కడి ఫ్లాట్లల్ల సగం గోడలు జిప్సం పార్టిషన్. దానికి ఉత్త మొల కొడితే ఊడి వస్తది, జిప్సం యాంకర్ పెట్టాలె. వెనుక రెండు రింగులు పైనుంచి మూడో వంతు దిగువన ఉన్నయి, వైరు కట్టి ఉన్నది, వెంటనే తగిలియ్యొచ్చు అని రాసినం.

ఇక అసలు సంగతి, నమ్మకం. ఇది ఫొటోలతోని మొదలైతది. క్యాంపు ట్యూబులైటు కింద తీస్తే రంగులు తప్పు పడ్తయి. మేము సాయంత్రం నాలుగింటికి బిల్డింగు నీడల, బొమ్మను నిలువుగ ఆనిచ్చి, ఫోన్ బొమ్మ నడుమ ఎత్తుకు పెట్టి, ఫిల్టర్ లేకుంట తీసినం. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఇంకోటి తీసినం. ఆ కాగితం ఫొటోల తెల్లగ కనిపిస్తే రంగులు నిజానికి దగ్గర ఉన్నట్టు.

అన్నిటికన్నా పని చేసిన ఫొటో ఇంకోటి ఉన్నది. రూముల లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చి బొమ్మకు పక్క నుంచి, గోడను రాసుకుంట పోయినట్టు పెట్టాలె. గోడకు పుట్టీ ఎగుడు దిగుడు చూసేటప్పుడు ఫినిషింగోళ్ళు లైటు ఎట్ల పట్టిస్తరో గట్లనే. అప్పుడు బ్రష్ గీతల నీడలు లేస్తయి. చేతితోని గీసిన బొమ్మల రంగు ఎక్కడ మారుతదో గీత కూడా అక్కడనే మారుతది. పసుపు తంగేడు పువ్వు చుక్క లేచి ఉంటది, పక్కన ఆకుపచ్చ కిందికి ఉంటది. ప్రింటు మీద జెల్ పూసిందైతే గీతలు వాటి దారిన అవి పోతయి, పువ్వు మీదికెళ్ళి చీర మీదికి, చీర మీదికెళ్ళి నీళ్ళ మీదికి, రంగుకూ గీతకూ సంబంధమే ఉండది. భూతద్దం పెడితే ప్రింటుల సన్నటి చుక్కలు కూడా కనిపిస్తయి. అదే తమ్ముడి బొమ్మల మొగ్గలు పెట్టిన దగ్గర రంగు ముద్ద రెండు మిల్లీల దాకా లేచింది, టార్చి వెలుతురుల మెరిసింది.

దాంతోపాటు అంచు ఫొటో, వెనుక ఫొటో. అంచులల్ల కారిన రంగు చుక్కలు తుడవొద్దని తమ్ముడికి చెప్పినం, అవి పని చేసిన గుర్తులు. వెనుక ఉత్త బట్ట, చెక్క, పిన్నులు కనిపించాలె. వెనుక చెక్క మీద పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, సైజు పర్మనెంట్ మార్కర్‌తోని రాయించినం. చెక్క మీదనే రాయండ్రి, బట్ట మీద రాస్తే సిరా ముందుకు దిగే ప్రమాదం ఉన్నది. ఇంక ఫోన్ల ఉన్న పాత ఫొటోలు వెతికినం. పెన్సిల్ గీతల దశ, నీళ్ళు ఆకాశం వేసిన దశ, మొఖాలు లేని ఆడోళ్ళ దశ, మొత్తం నాలుగు దొరికినయి. గీసేటోళ్ళందరికీ చెప్పేది, ప్రతి ఆదివారం పని ఆపే ముందు ఒక ఫొటో తీసి పెట్టుకోండ్రి. తర్వాత కావాలంటే తయారు చేసేది కాదు అది.

సర్టిఫికెట్ సంగతి చాలా మంది అడుగుతరు. మెరిసే స్టిక్కరు, బంగారు ముద్ర ఉన్న కాగితం ఎవరైనా ప్రింటు కొట్టొచ్చు. గీసిన మనిషి బతికే ఉన్నడు, ఎదురుగనే ఉన్నడు కాబట్టి ఆయన రాసి సంతకం పెట్టిన ఒక్క కాగితమే బలమైనది. దాంట్ల బొమ్మ చిన్న ఫొటో, పేరు, సంవత్సరం, మీడియం, సైజు, ఇది ఒక్కటే కాపీ అనే మాట, బొమ్మ మీద ఉన్నట్టే సంతకం, తేదీ పెట్టినం. అదే కాగితం ఇంకోటి మా దగ్గర ఉంచుకున్నం. ఆ కాగితం ఎవరు గీసిండ్రో చెప్తది, ఎంత విలువనో చెప్పది. కొన్నంక రేటు పెరుగుతదని దాని మీద ఎక్కడా రాయలే, రాయొద్దు కూడా.

కొనేటోళ్ళల్ల ఒకరు అడిగిండ్రు, "ఇది వైకుంఠం గారి తీరుగ ఉన్నది, కాపీనా?" అని. తోట వైకుంఠం గారు మన కరీంనగర్ దిక్కు పుట్టినాయన, పెద్ద బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడోళ్ళ బొమ్మలతోని దేశమంతా పేరున్నాయన. మన ఆడోళ్ళను నిండు రంగులల్ల ఎవరు గీసినా ఆయన గుర్తుకొస్తడు. మేము సూటిగ జవాబిచ్చినం: ఇది తమ్ముడి చెల్లె ఊరి చెరువు కాడ ఫోన్‌ల తీసి పంపిన ఫొటో చూసి గీసింది, అమరిక ఆయనదే. ఆ ఫొటో కూడా పంపినం. నెట్టుల దొరికిన ఫొటో చూసి గీస్తే, ఇంకొకరి బొమ్మ చూసి గీస్తే ఒరిజినల్ అనే మాట వాడొద్దు. మన దేశంల ఆర్టిస్టు పోయినంక కూడా 60 ఏండ్ల దాకా ఆయన బొమ్మ మీద హక్కు వాళ్ళ వాళ్ళకు ఉంటది. రవివర్మ అసొంటి పాతవాళ్ళది, ఆయన 1906 ల పోయిండు, చూసి గీయొచ్చు. కానీ "రవివర్మ బొమ్మకు కాపీ" అని రాసి, కింద మన సంతకమే పెట్టాలె.

లోపం ఉంటే అది కూడా రాయాలె. మా బొమ్మ వెనుక కింది మూలల బట్ట మీద గోరంత నొక్కు ఉన్నది, ముందు నుంచి కనిపించది. ఫొటో తీసి పెట్టినం. ఆ ఒక్క ఫొటో చూసే నమ్మకం వచ్చిందని కొన్నాయన తర్వాత చెప్పిండు.

చివరికి బొమ్మ కింద రాసింది ఇదీ:

"చెరువు కాడ బతుకమ్మ. ఆర్టిస్ట్ ఆక్రిలిక్ రంగులు, జెస్సో వేసిన కాటన్ క్యాన్వాస్, వార్నిష్ చేసినది. బొమ్మ సైజు ఎత్తు 60, వెడల్పు 90, మందం 3.8 సెం.మీ. నల్ల పైన్ ఫ్లోటర్ ఫ్రేముతోని 63.2 బై 93.2. అద్దం లేదు, అక్కరలేదు. బరువు 3.4 కిలోలు, వెనుక వైరు ఉన్నది. ముందు కుడి కింద సంతకం, వెనుక చెక్క మీద పేరు, సంవత్సరం. ఒక్కటే ఉన్నది, ప్రింట్లు లేవు. గీసినాయన సంతకం చేసిన కాగితం ఇస్తం. వెనుక కింది మూలల చిన్న నొక్కు, ఫొటో చూడండి. వచ్చి చూసుకొని తీసుకోవచ్చు."

ధర 900 దిర్హాములు అని బయటనే రాసినం, ఇన్‌బాక్స్ పంచాయితీ పెట్టలే. ఒక తెలుగు కుటుంబం వాళ్ళు వచ్చి, ఫోన్ టార్చి వాళ్ళే పట్టి చూసి, టేపు అడిగి కొలిచి తీసుకపోయిండ్రు. బేరం యాభై తగ్గించినం. ఒక బొమ్మ తెలిసినోళ్ళకు ఇచ్చుడు వేరు, రోజూ అమ్ముడు వేరు. ఈ దేశంల వ్యాపారానికి లైసెన్సు, వీసా రూల్స్ ఉన్నయి, అట్ల చేయాలనుకునే తమ్ముళ్ళు ముందు కంపెనీ పీఆర్ఓను అడిగి అడుగు వెయ్యండి.

గౌడన్న బొమ్మ ఇంకా రూములనే ఉన్నది. దాని కింద "ఆకాశం గోడ ఎమల్షన్, మిగతాది ఆర్టిస్ట్ ఆక్రిలిక్, క్యాన్వాస్ బోర్డు, ఎత్తు 40, వెడల్పు 30 సెం.మీ., ఫ్రేము లేదు, 120 దిర్హాములు" అని రాసి పెట్టినం. ఇద్దరు అడిగిండ్రు. ఒకాయన వచ్చే ఆదివారం చూస్తానికి వస్తనన్నడు.